నాలుగు పాయింట్లతో కొలిచిన బోరు: 19 మైక్రాన్ల తేడా ఎక్కడిది?

అనంతపురం శివారులోని ఒక మెషీన్ షాపు, బెంగళూరులోని దాని కొనుగోలుదారు ఒకే హౌసింగ్‌ను కొలిచి రెండు వేర్వేరు విలువలు చెప్పారు. షాపు రిపోర్టులో రెండు బోర్ల మధ్య, అంటే బేరింగులు కూర్చునే గుండ్రటి రంధ్రాల మధ్య, సెంటర్ దూరం 110.003 మి.మీ. కొనుగోలుదారు రిపోర్టులో అదే దూరం 110.022, అంటే 19 మైక్రాన్లు ఎక్కువ; మైక్రాన్ అంటే మి.మీ.లో వెయ్యో వంతు. డ్రాయింగ్ అడిగినది 110 ± 0.020. అంటే ఒకరి లెక్కలో హౌసింగ్ దాదాపు నడిమధ్యన ఉంది, మరొకరి లెక్కలో పై హద్దు దాటింది. 48 హౌసింగులున్న లాటు అక్కడే ఆగిపోయింది. రెండు చోట్లా కోఆర్డినేట్ మెషరింగ్ మెషీన్లే, అంటే సీఎంఎంలే; ప్రోబు కొసన ఉన్న బంతితో భాగాన్ని కొన్ని పాయింట్ల దగ్గర తాకి, వాటి నుంచి రూపాన్ని లెక్కకట్టే యంత్రాలివి. రెండింటికీ గడువు తీరని క్యాలిబ్రేషన్ సర్టిఫికెట్లు ఉన్నాయి. తేడా ఎక్కడ పుట్టిందో తేల్చమని షాపు వాళ్లు నన్ను పిలిచారు.

భాగం గురించి ముందు చెప్పాలి. చిన్న గేర్‌బాక్స్‌కు పైతొడుగుగా ఉండే అల్యూమినియం డైకాస్ట్ హౌసింగ్ ఇది. అందులో రెండు బేరింగ్ బోర్లు ఉన్నాయి, వాటికి ‘ఏ’, ‘బీ’ అని పేర్లు. ఏ బోరు వ్యాసం 72 మి.మీ., టాలరెన్స్ తరగతి హెచ్7. అందులో 6207 బేరింగ్ కూర్చుంటుంది. బీ బోరు 62 మి.మీ., అందులో 6206. బోర్ల చుట్టూ గోడ పలచన. రెండు గేర్లు ఎంత దగ్గరగా పళ్లు కలుపుకుంటాయో నిర్ణయించేది ఈ సెంటర్ దూరమే కాబట్టి కొనుగోలుదారు దాని విషయంలో పట్టుగా ఉన్నాడు. అందులో తప్పు పట్టడానికి ఏమీ లేదు.

అందరూ ముందుగా నిందించేది ఎండనే

మే నెలలో అనంతపురంలో కొలత తేడా వచ్చిందంటే మొదట వేలు చూపించేది ఎండ వైపే. షాపులోనూ అదే జరిగింది. "సార్, మన దగ్గర నలభై డిగ్రీలు, వాళ్లకు ముప్పై. తేడా రాకుండా ఎలా ఉంటుంది?" అన్నాడు క్వాలిటీ ఇన్‌చార్జి.

వాదన వినడానికి బాగుంది కానీ లెక్క ఒప్పుకోదు. కొలతలకు ప్రామాణిక ఉష్ణోగ్రత 20 డిగ్రీల సెల్సియస్. ఇలాంటి అల్యూమినియం మిశ్రమం ఒక మీటరు పొడవుకు, ఒక డిగ్రీకి సుమారు 22 మైక్రాన్లు సాగుతుంది. 110 మి.మీ.కు అది డిగ్రీకి 2.4 మైక్రాన్లు. 19 మైక్రాన్ల తేడా రావాలంటే రెండు చోట్ల హౌసింగ్ ఉష్ణోగ్రతల మధ్య దాదాపు ఎనిమిది డిగ్రీల అంతరం ఉండాలి. అంతకన్నా ముఖ్యం, ఆ అంతరం ఏ వైపు ఉండాలన్నది. వేడి లోహం సాగుతుంది కాబట్టి ఎండ కారణమైతే అనంతపురం కొలత పెద్దదై ఉండాలి. ఇక్కడ చిన్నగా వచ్చినది మనదే. పైగా ఆ హౌసింగ్ రాత్రంతా కొలత గదిలోనే ఉంది, ఉదయం దాని ఉష్ణోగ్రత 20.6. ఎండను అక్కడితో పక్కన పెట్టాను.

రెండో అనుమానం లోతు మీద. ఏ బోరు ముఖం దగ్గర నూనె కోసం ఒక గాడి ఉంది. అది 90 డిగ్రీల దిక్కున, ముఖం నుంచి ఆరు మి.మీ. లోతు వరకు ఉంటుంది. షాపు ప్రోగ్రామ్ నాలుగు మి.మీ. లోతులో కొలుస్తుంది. గాడిలో ప్రోబు పడకుండా నాలుగు పాయింట్లనూ 45, 135, 225, 315 డిగ్రీల దగ్గర పెట్టారు. కొనుగోలుదారు పన్నెండు మి.మీ. లోతుకు దిగి, గాడి అడ్డు లేదు కాబట్టి మామూలుగా 0, 90, 180, 270 దగ్గర తాకించాడు. బోరు వాలి ఉంటే లోతును బట్టి సెంటరు మారుతుంది. రెండు లోతుల్లోనూ ఒకే కోణాల దగ్గర కొలిచి చూస్తే సెంటర్ దూరంలో మార్పు రెండు మైక్రాన్లు దాటలేదు. వాలు కూడా కారణం కాదు.

మిగిలిన తేడా ఒక్కటే: నాలుగు పాయింట్లు మొదలైన కోణం. నిజమైన వృత్తం మీద ఎక్కడ మొదలుపెట్టినా సెంటరు ఒకటే రావాలి. రాలేదంటే బోరు వృత్తం కాదన్న మాట. కానీ రెండు రిపోర్టుల్లోనూ ఏ బోరు రౌండ్‌నెస్ 0.001 మి.మీ., అంటే నిజమైన వృత్తం నుంచి రూపం తప్పింది అంతే, అని ఉంది. పలచటి గోడ ఉన్న డైకాస్ట్ అల్యూమినియంలో, ఫిక్స్చర్‌లో బిగించి తీసిన బోరుకు ఒక్క మైక్రాన్ రౌండ్‌నెస్! ఆ అంకె చూసి సంతోషించడం కన్నా అనుమానించడమే మేలు. నాకు దారి దొరికింది అక్కడే.

బోరు అసలు రూపం

అదే హౌసింగ్‌ను షాపు సీఎంఎం మీదే ఉంచి, ప్రతి బోరునూ ఒకే లోతులో 25 పాయింట్లతో కొలిచాను. స్టైలస్ కూడా అదే, 4 మి.మీ. రూబీ బంతి ఉన్నది. ఏ బోరు రౌండ్‌నెస్ 11 మైక్రాన్లు, బీ బోరుది 9 అని వచ్చింది. ఫారమ్ ప్లాటు తెరిస్తే రెండింటిలోనూ మూడు ఉబ్బులు, వాటి మధ్య మూడు నొక్కులు స్పష్టంగా ఉన్నాయి. ఏ బోరులో ఉబ్బులు 60, 180, 300 డిగ్రీల దగ్గర ఉన్నాయి. బీ బోరులో 0, 120, 240 దగ్గర. ఏ నుంచి బీ వైపు చూసే దిక్కును సున్నా డిగ్రీలుగా తీసుకున్నాను.

ఫిక్స్చర్ దగ్గరకు వెళ్లి చూస్తే జవాబు కళ్లెదుటే ఉంది. ప్రతి బోరు చుట్టూ గోడను పక్కనుంచి నొక్కే హైడ్రాలిక్ క్లాంపులు మూడున్నాయి. రెండు బోర్ల దగ్గరా ఒక్కో క్లాంపు హౌసింగ్ బయటి చివర్లో ఉంది. అంటే ఒక బోరు అమరిక రెండోదానికి అద్దంలో ప్రతిబింబం. క్లాంపు నొక్కినప్పుడు గోడ లోపలికి వంగుతుంది. ఆ స్థితిలో బోరింగ్ బారు గుండ్రంగానే కోస్తుంది. క్లాంపు వదిలాక గోడ వెనక్కి వెళ్లి, నొక్కిన చోట ఉబ్బు మిగులుతుంది.

ఇప్పుడు నాలుగు పాయింట్లకు ఈ రూపం ఎలా కనిపిస్తుందో చూద్దాం. ఏ బోరులో సగటు వ్యాసార్థం నుంచి ఉబ్బు 5.5 మైక్రాన్లు బయటికి, నొక్కు 5.5 లోపలికి. 180 డిగ్రీల దగ్గర ఉబ్బు ఉంది కాబట్టి అక్కడ పాయింటు 5.5 మైక్రాన్లు బయటికి పడుతుంది. సరిగ్గా దాని ఎదుట, 0 దగ్గర, నొక్కు ఉంటుంది. అక్కడ పాయింటు 5.5 లోపలికి పడుతుంది. 90, 270 దగ్గర రూపం సగటు వ్యాసార్థం మీదుగా దాటుతుంది, తేడా సున్నా. ఈ నాలుగింటిని సాఫ్ట్‌వేర్‌కు ఇస్తే దానికి కనిపించేది 180 వైపు 5.5 మైక్రాన్లు జరిగిన చక్కటి వృత్తం. పాయింట్లన్నీ ఆ వృత్తం మీద అతికినట్టు సరిపోతాయి. అందుకే రౌండ్‌నెస్ సున్నాకు దగ్గరగా వస్తుంది. వ్యాసం కూడా సరిగ్గానే వస్తుంది. రూపంలోని దోషం మొత్తం చడీచప్పుడు లేకుండా సెంటరు స్థానంలోకి దిగిపోతుంది.

బీ బోరులో ఉబ్బులు ఎదురు దిక్కున ఉన్నాయి కాబట్టి అక్కడ సెంటరు 0 వైపుకు 4.5 మైక్రాన్లు జరుగుతుంది. రెండు సెంటర్లూ ఒకదానికొకటి దూరంగా వెళ్లాయి, దూరం పది మైక్రాన్లు పెరిగింది. కొనుగోలుదారు కొలిచింది అదే.

మొదలయ్యే కోణాన్ని 45 డిగ్రీలు తిప్పితే ఏమవుతుంది? మూడు ఉబ్బుల రూపాన్ని నాలుగు సమాన దూరాల పాయింట్లతో కొలిచినప్పుడు, పాయింట్లను ఎంత తిప్పితే సెంటరు జరిగే దిక్కు దానికి నాలుగు రెట్లు తిరుగుతుంది. ఇది త్రికోణమితిలోంచి నేరుగా వచ్చే ఫలితం. 45 డిగ్రీలు తిప్పితే దిక్కు 180 డిగ్రీలు తిరుగుతుంది, అంటే పూర్తిగా ఎదురు దిక్కుకు. అప్పుడు రెండు సెంటర్లూ ఒకదాని వైపు ఒకటి జరుగుతాయి, దూరం పది మైక్రాన్లు తగ్గుతుంది. షాపు కొలిచింది ఇది.

నమ్మకం కుదరడానికి షాపు మెషీన్ మీదే కోణాన్ని మారుస్తూ నాలుగు పాయింట్లతో కొలిచాం. 0 దగ్గర మొదలుపెడితే 110.023, 45 దగ్గర 110.003. మధ్యలో, 22.5 దగ్గర, 110.013. 25 పాయింట్లతో వచ్చిన విలువ కూడా 110.013. 22.5 దగ్గర దూరం సరిగ్గా వచ్చింది కదా అని అది మంచి కోణమనుకోకూడదు. అక్కడ సెంటర్లు పక్కకు, వై దిశలో, ఎదురెదురుగా జరిగాయి. డోవెల్ రంధ్రాల ఆధారంగా చూస్తే రెండు బోర్ల వై స్థానాల మధ్య పది మైక్రాన్ల దొంగ తేడా కనిపించింది. దోషం ఎక్కడికీ పోలేదు, మనం చూడని గడిలోకి మారింది.

రెండు మెషీన్లలో ఏదీ తప్పు చెప్పలేదు. అడిగిన నాలుగు చోట్ల ఏముందో రెండూ నిజాయితీగానే చెప్పాయి.

ప్రోబు మీద కూడా అనుమానం ఉండాలి

ఇక్కడ ఒక చిక్కు ఉంది. మూడు ఉబ్బులు కనిపించగానే ఫిక్స్చర్‌ను నిందించడం తొందరపాటు కావచ్చు. చాలా షాపుల్లో ఉండే టచ్ ట్రిగ్గర్ ప్రోబులో స్టైలస్ మూడు ఆధారాల మీద కూర్చుంటుంది. స్టైలస్ తాకిన క్షణానికీ సిగ్నల్ వెలువడిన క్షణానికీ మధ్య అది ఎంత వంగుతుందన్నది దిక్కును బట్టి కొద్దిగా మారుతుంది. ఆ మార్పు కూడా మూడు ఉబ్బుల రూపంలోనే వస్తుంది. స్టైలస్ పొడవు పెరిగేకొద్దీ ఇది పెరుగుతుంది. కాబట్టి ప్లాటులో కనిపించేది భాగం రూపమా, ప్రోబు స్వభావమా అని వేరు చేయాలి.

దానికి రెండు పరీక్షలు చేశాం. మొదటిది రింగు గేజ్. ఒక మైక్రాన్ లోపు రౌండ్‌నెస్ ఉన్న 70 మి.మీ. ఉక్కు రింగును అదే స్టైలస్‌తో, అవే 25 పాయింట్లతో కొలిచాం. రౌండ్‌నెస్ 1.8 మైక్రాన్లు వచ్చింది, మూడు ఉబ్బులు లీలగా కనిపించాయి. రింగును బల్ల మీద 60 డిగ్రీలు తిప్పి మళ్లీ కొలిచినా, మెషీన్ అక్షాల లెక్కలో ఉబ్బులు ఉన్నచోటే ఉన్నాయి. అది ప్రోబుదే. రెండోది హౌసింగ్. దాన్ని 60 డిగ్రీలు తిప్పి కొలిస్తే ఉబ్బులు హౌసింగ్‌తో పాటే తిరిగాయి. 11 మైక్రాన్లలో అధిక భాగం లోహంలోనే ఉందని తేలింది.

ప్రోబు ఉబ్బులు సెంటర్ దూరాన్ని పెద్దగా చెడగొట్టవు. ఎందుకంటే ఒకే ప్రోబు, ఒకే కోణాలు అయినప్పుడు రెండు బోర్ల సెంటర్లూ ఒకే దిక్కుకు, ఒకే మోతాదులో జరుగుతాయి, తేడాలో అది కొట్టుకుపోతుంది. ఫిక్స్చర్ ఉబ్బులు అలా కొట్టుకుపోలేదు, అద్దం అమరిక వల్ల కలిసిపోయాయి. క్లాంపులను రెండు బోర్లకూ ఒకే దిక్కున అమర్చి ఉంటే ఈ తగాదా రెండు మైక్రాన్ల స్థాయిలోనే ఉండిపోయేది, ఎవరికీ తెలిసేది కాదు.

డయల్ బోర్ గేజ్ దీన్ని ఎందుకు పట్టుకోలేదని ఆపరేటర్ అడిగాడు. మంచి ప్రశ్న. రోజూ ప్రతి బోరునూ దాంతో తిప్పి చూస్తున్నాడు, ముల్లు కదలలేదు. మూడు ఉబ్బుల రూపంలో ఉబ్బుకు ఎదురుగా ఎప్పుడూ నొక్కే ఉంటుంది. ఎదురెదురు రెండు బిందువుల మధ్య దూరం ఎక్కడ చూసినా ఒకటే. రెండు బిందువుల పనిముట్టు దేనికీ బేసి సంఖ్య ఉబ్బులు కనిపించవు. మూడు దవడలున్న లోపలి మైక్రోమీటరు అయితే పట్టుకుంటుంది. ఉబ్బుల మీద పెట్టినప్పుడు ఎక్కువ, నొక్కుల మీద పెట్టినప్పుడు తక్కువ చూపిస్తుంది. షాపులో అది ఉంది. 72 సైజు దవడలు లేక పెట్టెలోనే ఉంది.

వ్యాసం గురించి ఒక మాట. పాయింట్లన్నిటికీ మొత్తమ్మీద దగ్గరగా ఉండే వృత్తాన్ని తీసే లీస్ట్ స్క్వేర్స్ పద్ధతిలో ఏ బోరు వ్యాసం 72.014. హద్దులు 72.000 నుంచి 72.030 కాబట్టి హాయిగా ఉంది. కానీ బోరులో ఇమిడే అతి పెద్ద వృత్తం లెక్క తీస్తే 72.003 మాత్రమే. బేరింగుకు తగిలేది ఆ మూడు నొక్కులే. డ్రాయింగ్‌లో ఈ లోపలి వృత్తం కూడా కింది హద్దుకు తగ్గకూడదనే ఎన్వలప్ షరతు లేదు కాబట్టి ఆ విలువ మీద తీర్పు చెప్పే పని లేదు. అయినా కొనుగోలుదారు డిజైన్ విభాగానికి ఆ అంకె పంపమని చెప్పాను.

ఎన్ని పాయింట్లు?

ఎక్కువ పాయింట్లు తీసుకుంటే చాలదు, ఏ సంఖ్య ఏ రూపానికి గుడ్డిదో తెలియాలి. సమాన దూరంలో ఉన్న పాయింట్లకు ఒక నియమం ఉంది. పాయింట్ల సంఖ్యకు ఒకటి తక్కువ గానీ ఒకటి ఎక్కువ గానీ ఉబ్బులున్న రూపం సెంటరును జరుపుతుంది. సరిగ్గా పాయింట్లన్ని ఉబ్బులే ఉంటే వ్యాసాన్ని తప్పిస్తుంది. నాలుగు పాయింట్లకు మూడు ఉబ్బులు, ఐదు ఉబ్బులు ప్రమాదం. మూడు పాయింట్లతో కొలిస్తే మూడు ఉబ్బుల బోరు వ్యాసమే తప్పుతుంది. అండాకారపు బోరు, అంటే రెండు ఉబ్బులది, సెంటరును జరుపుతుంది. ఎనిమిది పాయింట్లు తీసుకుంటే ఏడు, తొమ్మిది ఉబ్బుల దగ్గరే ఇబ్బంది. క్లాంపుల వల్ల వచ్చే వంపులు సాధారణంగా రెండు, మూడు, నాలుగు, ఆరు ఉబ్బులు కాబట్టి సెంటరు కోసమైతే ఎనిమిదే సరిపోయేవి.

నేను 25 ఎంచుకున్నది రౌండ్‌నెస్ కోసం. ఉబ్బుల సంఖ్యకు రెట్టింపు కన్నా ఎక్కువ పాయింట్లు ఉంటే తప్ప రూపం గుర్తుపట్టలేం. 25తో పన్నెండు ఉబ్బుల వరకు తెలుస్తుంది. పైగా 25ను మూడుతో గానీ నాలుగుతో గానీ భాగించలేం కాబట్టి క్లాంపుల అమరికతో పాయింట్లు లయ కలిపే అవకాశం తక్కువ. ఖర్చు సమయమే. పాయింటుకు రెండు మూడు సెకన్లు పడుతుంది. రెండు బోర్లు, రెండు లోతులు కలిపి వంద పాయింట్లు, నాలుగైదు నిమిషాలు. ఆగిపోయిన లాటును తేల్చడానికి అది ఎక్కువేమీ కాదు. రోజువారీ తనిఖీకి తర్వాత 11 పాయింట్లు, ఒకే లోతు అని తగ్గించాం. అవే హౌసింగుల మీద 25తో పోల్చి, సెంటర్ దూరంలో తేడా ఒక మైక్రాన్ లోపు ఉందని చూసుకున్నాకే ఆ తగ్గింపు.

గాడి సంగతి మిగిలింది. లోతును పన్నెండు మి.మీ.కు మార్చడంతో అది అడ్డు తొలగింది. బేరింగ్ ఆనుకునేది కూడా ఎక్కువగా అక్కడే.

అనిశ్చితి లెక్క

ఇప్పుడు 110.013 అన్నాం. దాన్ని ఎంతవరకు నమ్మవచ్చు? షాపు పాత రిపోర్టుల కింద "అనిశ్చితి ± 2.3 మైక్రాన్లు" అని అచ్చయి ఉంది. ఆ అంకె ఎక్కడిదో చూస్తే, మెషీన్ బ్రోషర్‌లోని గరిష్ఠ అనుమతి దోషం 1.9 + ఎల్/300 అనే సూత్రంలో 110 వేసి తీసినది. ఇది చాలా చోట్ల చూస్తున్నాను. ఆ సూత్రం ఐఎస్ఓ 10360-2 పరీక్షకు సంబంధించినది. గేజ్ బ్లాకుల వంటి చక్కటి పొడవులను కొలిచినప్పుడు మెషీన్ ఎంత తప్పవచ్చో చెబుతుంది. మూడు ఉబ్బుల అల్యూమినియం బోరును నాలుగు చోట్ల తాకితే ఏమవుతుందో దానికి తెలియదు. నిజానికి ఈ కేసులో పాత పద్ధతి దోషం ఆ 2.3కు నాలుగు రెట్లు.

ఇంకొక అలవాటు, ఒకే భాగాన్ని పదిసార్లు కొలిచి చెదరు చూసుకోవడం. దాన్నే అనిశ్చితి అనుకోవడం ఇక్కడ మరింత ప్రమాదం. పాత నాలుగు పాయింట్ల ప్రోగ్రామ్‌ను ఎన్నిసార్లు నడిపినా విలువలు ఒక మైక్రాన్ అటూ ఇటూగానే వచ్చాయి. ప్రతిసారీ అవే ఉబ్బులు, అవే చోట్లు కదా, తప్పు కూడా ప్రతిసారీ అంతే కచ్చితంగా పునరావృతమవుతుంది.

కాబట్టి ఐఎస్ఓ 15530-3 చెప్పే దారిలో వెళ్లాం. భాగాన్ని పోలిన, ముందే క్యాలిబ్రేట్ చేయించిన ఒక నమూనాను అదే పద్ధతిలో పదే పదే కొలిచి, వచ్చిన తేడాల నుంచి అనిశ్చితి కట్టే విధానం అది. ఒక హౌసింగ్‌నే నమూనాగా ఎంచి, ల్యాబులకు గుర్తింపునిచ్చే జాతీయ సంస్థ ఎన్‌ఏబీఎల్ గుర్తింపు ఉన్న ల్యాబులో సెంటర్ దూరాన్ని క్యాలిబ్రేట్ చేయించారు. సూత్రం ఇది:

```
U = k × √(u_cal² + u_p² + u_w² + u_b²)
```

ఇందులో k నమ్మక స్థాయిని బట్టి వేసే గుణకం, ఇక్కడ రెండు. u_cal ల్యాబు సర్టిఫికెట్ నుంచి వస్తుంది. వాళ్లు k = 2 తో 2.0 మైక్రాన్లు ఇచ్చారు, సగం చేస్తే 1.0. u_p మన కొలత పద్ధతి చెదరు, దాని కోసం నమూనాను కొన్ని రోజుల పాటు ఉదయం, మధ్యాహ్నం, ప్రతిసారీ బల్ల మీద నుంచి తీసి మళ్లీ పెట్టి 20 సార్లు కొలిచాం. ప్రామాణిక విచలనం 1.1 వచ్చింది. మధ్యాహ్నపు కొలతలు కొద్దిగా ఎక్కువగా చెదిరాయి. ఏసీ గాలి నేరుగా బల్ల మీదికి వస్తోంది, దాని రెక్కలను పైకి తిప్పించాం.

u_w అసలు భాగాల వల్ల వచ్చేది. దీని మీద ఎక్కువ ఆలోచన పెట్టాలి. హౌసింగ్ ఉష్ణోగ్రత మనకు సగం డిగ్రీ అటూ ఇటూగా తెలుసు. ఆ పరిధిలో ఏ విలువకైనా సమాన అవకాశం ఉందనుకుంటే ప్రామాణిక అనిశ్చితి 0.29 డిగ్రీ, 110 మి.మీ. మీద 0.7 మైక్రాన్. దానికి రూపం ప్రభావం కలపాలి. నమూనా గుండ్రంగా ఉండి అసలు భాగాలు ఉబ్బులతో ఉంటే ఈ పద్ధతి కూడా మోసపోతుంది. అందుకే ఉబ్బులున్న పాత లాటు హౌసింగులను 25 పాయింట్లతో, మొదలయ్యే కోణాన్ని కొద్ది కొద్దిగా మారుస్తూ కొలిచి, సెంటర్ దూరం ఎంత చెదురుతుందో చూశాం. అది ఒక మైక్రాన్ లోపే. రెండూ కలిపి u_w 0.9 అని పెట్టాను. చివరి పదం u_b, స్థిరమైన తేడాను సవరించడంలో మిగిలే అనిశ్చితి, ఇక్కడ లెక్కలోకి రానంత చిన్నది. నమూనా సగటుకూ సర్టిఫికెట్ విలువకూ మధ్య 0.8 మైక్రాన్ల స్థిరమైన తేడా ఉంది, దాన్ని ప్రతి ఫలితం నుంచి తీసివేశాం.

వర్గాలు కూడి మూలం తీస్తే 1.74. రెండుతో గుణిస్తే U = 3.5 మైక్రాన్లు. బ్రోషర్ అంకె కన్నా పెద్దదే, అయినా ఇది మన గదిలో, మన ప్రోబుతో, మన భాగం మీద నిజంగా వచ్చిన అంకె. 40 మైక్రాన్ల మొత్తం టాలరెన్స్‌కు ఇది చాలు.

ఈ 3.5కు ఒక షరతు ఉంది. వాషింగ్ మెషీన్ నుంచి వచ్చిన 36 డిగ్రీల హౌసింగ్‌ను నేరుగా బల్ల మీద పెడితే ఈ లెక్క చెల్లదు. సాఫ్ట్‌వేర్‌లో ఉష్ణోగ్రత సవరణ ఉంది కదా అంటారు. ఉంది. కానీ మిశ్రమం వ్యాకోచ గుణకం మనకు మీటరుకు డిగ్రీకి ఒక మైక్రాన్ తేడాతోనే తెలుసు. 16 డిగ్రీల మీద అదొక్కటే 1.8 మైక్రాన్లు అవుతుంది. హౌసింగ్‌లో ఒక చోట వేడి, మరో చోట చల్లదనం ఉండటం దానికి అదనం. నాలుగు గంటలు గదిలో ఉంచి, 22 డిగ్రీలకు దిగాకే కొలవాలని రాసి పెట్టాం.

లాటు ఏమైంది

కొలత తేలింది, తీర్పు మిగిలింది. ఆర్డరులో తీర్పు నియమం ఏదీ రాసుకోలేదు. అటువంటప్పుడు ఐఎస్ఓ 14253-1 నియమం ఆధారంగా తీసుకోవచ్చు. దాని ప్రకారం సరుకు సరిగ్గా ఉందని రుజువు చేయాల్సిన సరఫరాదారు హద్దు నుంచి లోపలికి జరగాలి, సరిగ్గా లేదని రుజువు చేయాల్సిన కొనుగోలుదారు బయటికి జరగాలి. 2017 కూర్పులో ఆ జరగాల్సిన దూరం, 95 శాతం నమ్మకానికి, ప్రామాణిక అనిశ్చితికి 1.65 రెట్లు. మన 1.74కు అది 2.9, మూడు అనుకుందాం. షాపు ఒప్పించగలిగేది 110.017 వరకు, కొనుగోలుదారు తిప్పి పంపగలిగేది 110.023 నుంచి. ఆయన అనిశ్చితి కూడా మనంతే అనుకుంటే, మొదట చూపించిన 110.022 ఆ నియమం కింద తిరస్కరణకు చాలదు.

48 హౌసింగులనూ కొత్త ప్రోగ్రామ్‌తో కొలిచారు. 45 హౌసింగులు 110.017 లోపు వచ్చాయి. మిగిలిన మూడూ 110.018, 110.019 దగ్గర నిలిచాయి. అవి ఎవరూ ఏమీ రుజువు చేయలేని పట్టీలో ఉన్నాయి. బెంగళూరు ల్యాబులో మూడింటిలో ఒకదాన్ని 25 పాయింట్లతో కొలిపించాం. మన విలువకు వాళ్ల విలువకు తేడా రెండు మైక్రాన్లు. గేర్ల పళ్ల మధ్య ఖాళీ కొద్దిగా పెరుగుతుందే తప్ప తగ్గదు కాబట్టి ఆ మూడింటినీ రాతపూర్వక మినహాయింపుతో తీసుకున్నారు.

షాపులో రెండు మార్పులు జరిగాయి. ఫినిష్ బోరింగ్‌కు ముందు క్లాంపు ఒత్తిడిని 45 బార్ నుంచి 15 బార్‌కు దించారు. ఏ బోరు రౌండ్‌నెస్ 4 మైక్రాన్లకు, బీ బోరుది 3కు వచ్చింది. పాత నాలుగు పాయింట్లతో కొలిచినా ఇప్పుడు సెంటర్ దూరం తప్పేది మూడు నాలుగు మైక్రాన్లే. రెండో మార్పు ఆఫ్‌సెట్, అంటే మెషీన్‌లో బోరు స్థానానికి ఇచ్చే సవరణ. 110.003 అని నమ్మినంత కాలం ప్రాసెస్ మధ్యలోనే ఉందనుకున్నారు, నిజంగా అది 110.013 దగ్గర తిరుగుతోంది. బీ బోరు ఎక్స్ ఆఫ్‌సెట్‌ను 12 మైక్రాన్లు తగ్గించాక తర్వాతి లాటు 110.000, 110.004 మధ్య వచ్చింది.

కొత్త ఒప్పందంలో సెంటర్ దూరం గడి పక్కన ఇప్పుడు లోతు 12 మి.మీ., పాయింట్లు 11, మొదలు 0 డిగ్రీలు, లీస్ట్ స్క్వేర్స్ వృత్తం, భాగం ఉష్ణోగ్రత 22 డిగ్రీల లోపు అని రాసి ఉంటుంది. 11 పాయింట్లకు కూడా పది, పన్నెండు ఉబ్బుల రూపం కనబడదు. టూలు అరిగి బోరింగ్ బారు అదిరితే అంతకన్నా ఎక్కువ ఉబ్బుల చాటర్ కూడా రావచ్చు. దానికి టచ్ ట్రిగ్గర్ సీఎంఎం సరైన పనిముట్టు కాదు, రౌండ్‌నెస్ టెస్టరు కావాలి. కాబట్టి టూలు మార్చినప్పుడల్లా మొదటి హౌసింగ్‌ను 25 పాయింట్లతో కొలిచి, బోరు ఉపరితలాన్ని వేలితోనూ లైటుతోనూ చూసి, అదురు గీతలు కనిపిస్తే బయటి ల్యాబుకు పంపాలన్నది ప్రస్తుతానికి పెట్టుకున్న ఏర్పాటు.